పట్టికలో జారిపోయిన రెండు మైనస్‌లు

తెలుగులో అచ్చుతప్పుకు ముద్రారాక్షసం అని ఒక పేరుంది. విశాఖదత్తుడి సంస్కృత నాటకం పేరులో ముద్ర అంటే ఉంగరపు ముద్ర, రాక్షసుడు నందుల మంత్రి. అచ్చు యంత్రాలు వచ్చాక మనవాళ్లు ఆ మాటనే తీసుకుని, అక్షరాలను మింగేసే రాక్షసుడికి పేరుగా పెట్టారు. ఇంగ్లిష్‌లో ఇలాంటి పని చేసే చిన్న దయ్యం పేరు గ్రెమ్లిన్. బ్రిటిష్ వైమానిక దళంలో విమానం ఇంజను కారణం తెలియకుండా మొరాయిస్తే, గ్రెమ్లిన్లు దూరాయని అనుకునేవారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆ మాట బాగా వ్యాప్తిలోకి వచ్చింది.

2014లో ఈ గ్రెమ్లిన్లు ఒక ఆర్థికశాస్త్ర పత్రికలో ప్రత్యక్షమయ్యాయి. అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ ప్రచురించే ‘జర్నల్ ఆఫ్ ఎకనామిక్ పర్‌స్పెక్టివ్స్’ ఆ ఏడాది వసంత సంచికలో రిచర్డ్ టోల్ అనే డచ్ ఆర్థికవేత్త రాసిన సవరణ వచ్చింది. 2009లో అదే పత్రికలో తాను రాసిన వ్యాసం తయారీలో గ్రెమ్లిన్లు చొరబడ్డాయని ఆయన మొదటి వాక్యంలోనే రాశారు. ఆ తర్వాత అసలు విషయం చెప్పారు. 1వ పట్టికలో రెండు అంచనాల ముందు ఉండాల్సిన మైనస్ గుర్తులు పోయాయి. ఆ పట్టిక ఆధారంగా గీసిన 1వ చిత్రంలో మాత్రం వాటిలో ఒకదానికే మైనస్ పోయింది.

మైనస్ అంటే చిన్న అడ్డగీత. అది ఉంటే నష్టం, లేకపోతే లాభం. శాస్త్ర పత్రికల్లో సవరణ ప్రకటన ఎలా రాయాలి, ఎక్కడ బెసుగుతుంది అన్నది తెలుసుకోవడానికి ఆ రెండు గీతల కథ చాలా పనికొస్తుంది. అందులో చేసిన మంచి పనీ ఉంది, చేయకూడని పనీ ఉంది.

ముందు ఆ పట్టికలో ఏముందో చూడాలి. భూమి వేడెక్కితే ప్రపంచ ప్రజల సంక్షేమానికి ఎంత నష్టం, లేదా ఎంత లాభం అని వేర్వేరు పరిశోధకులు అప్పటికి వేసిన 14 అంచనాలను టోల్ ఒకచోట చేర్చారు. ప్రతి అడ్డువరుసలో ఒక అధ్యయనం పేరు ఉంటుంది. దాని పక్కన ఎన్ని డిగ్రీల వేడి పెరిగితే అన్న అంకె, ఆ పక్కన స్థూల దేశీయోత్పత్తిలో ఎంత శాతం మేరకు ప్రభావం అన్న అంకె ఉంటాయి. కొన్ని వరుసల్లో ఆ అంకె పక్కనే కుండలీకరణాల్లో, అది ఎంత నుంచి ఎంత దాకా ఉండవచ్చో కూడా ఇచ్చారు. వ్యాసం చెప్పిన ముఖ్యమైన మాట ఆ 14 అంకెల మీదే నిలబడింది: వేడి కొద్దిగా పెరిగినప్పుడు ప్రపంచానికి కొంత మేలు జరగవచ్చు, బాగా పెరిగితే నష్టమే.

తప్పు పడిన వరుసల్లో ఒకటి 2006లో క్రిస్ హోప్ వేసిన అంచనా. వేడి 2.5 డిగ్రీలు పెరిగితే 0.9 శాతం నష్టం అన్నది అందులోని మాట. పట్టికలో అది మైనస్ లేకుండా 0.9గా, అంటే లాభంగా అచ్చయింది. రెండోది 1996లో ప్లాంబెక్, హోప్ కలిసి వేసినది. అది 2.5 శాతం నష్టం కాగా, పట్టికలో 2.5 శాతం లాభంగా కనిపించింది.

ఈ రెండో వరుసను కాసేపు నిలబడి చూడాలి. అచ్చయిన అంకె 2.5. దాని పక్కనే కుండలీకరణాల్లో ఇచ్చిన అవధి మైనస్ 0.5 నుంచి మైనస్ 11.4 దాకా. నష్టం అర శాతం నుంచి పదకొండు శాతం దాకా ఉండవచ్చని అవధి చెబుతోంది, మధ్య అంచనా మాత్రం లాభం అంటోంది. మధ్య అంచనా అవధికి బయట ఉండే వీలే లేదు. వాతావరణం గురించి గాని, ఆర్థికశాస్త్రం గురించి గాని ఏమీ తెలియకపోయినా, ఆ ఒక్క వరుసను అడ్డంగా చదివితే తప్పు కనిపిస్తుంది. అయినా ఆ పట్టిక ఐదేళ్లు అలాగే నిలిచింది. ఆ పత్రిక ఎవరైనా ఉచితంగా చదువుకునే పత్రిక. కాబట్టి చదివినవాళ్లు తక్కువై తప్పు దొరకలేదు అనుకోవడానికి లేదు.

పట్టికలను మనం చదివే పద్ధతిలోనే దీనికి కారణం ఉంది. వ్యాసాన్ని వాక్యం వెంట వాక్యంగా చదువుతాం. పట్టిక దగ్గరికి వచ్చేసరికి కన్ను కావలసిన నిలువువరుస మీదకు దూకి, పై నుంచి కిందికి జారుతుంది. ఒకే వరుసలోని అంకెలు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయా అని అడ్డంగా చూసేవాళ్లు తక్కువ. సమీక్షకులు కూడా పద్ధతిని, వాదనను ప్రశ్నించినంత శ్రద్ధగా ప్రతి గడినీ మూల పత్రంతో పోల్చి చూడరు. ఆ పని రచయితలదేనని అందరూ అనుకుంటారు.

మైనస్‌లు ఎలా జారిపోతాయో ఊహించడం కష్టం కాదు. కొందరు పరిశోధకులు నష్టాన్ని కొలుస్తారు. వాళ్ల పత్రంలో 0.9 అంటే 0.9 శాతం నష్టమే. మరికొందరు ప్రభావాన్ని కొలుస్తారు. వాళ్లకు నష్టం మైనస్ 0.9 అవుతుంది. రెండు రకాల పత్రాల నుంచి అంకెలను ఒకే పట్టికలోకి ఎక్కించేటప్పుడు ప్రతిసారీ ఆగి, ఈ పత్రంలో ప్లస్ అంటే ఏమిటి అని చూసుకోవాలి. ఒక్కసారి మరచిపోతే చాలు. అంకె సరిగ్గానే ఎక్కుతుంది, అర్థం తిరగబడుతుంది.

తిరగబడిన అర్థం ఎంత పని చేసిందంటే, ఆ 14 అంచనాల్లో మైనస్‌లు తిరిగి పెట్టాక చెప్పుకోదగ్గ లాభం చూపే వరుస ఒక్కటే మిగిలింది. అది 2002లో టోల్ స్వయంగా వేసిన అంచనా: వేడి 1 డిగ్రీ పెరిగితే 2.3 శాతం లాభం. మిగిలినవి నష్టం చూపేవి, లేదా సున్నా దరిదాపుల్లో ఉన్నవి. కొద్దిపాటి వేడి మేలు చేస్తుందన్న మాటకు ముందు కొన్ని అధ్యయనాల అండ ఉన్నట్టు కనిపించింది. సవరణ తర్వాత ఆ భారమంతా ఒకే బిందువు మీద పడింది.

ఇప్పుడు ఆ సవరణ ప్రకటనను ఒక ప్రకటనగా చూద్దాం. అందులో బాగా చేసిన పని ఉంది. ఏ వ్యాసం, ఏ సంచిక, ఏ పట్టిక, ఏ రెండు వరుసలు అన్నది స్పష్టంగా ఉంది. పట్టికలో రెండు తప్పులు, చిత్రంలో ఒకటే అన్న తేడా కూడా చెప్పారు. అది చిన్న విషయం కాదు. పట్టికనూ చిత్రాన్నీ పక్కపక్కన పెట్టుకున్న పాఠకుడు, రెండూ ఎందుకు కలవడం లేదని తల పట్టుకోకుండా ఆ మాట కాపాడుతుంది. సరిచేసిన పట్టికను, సరిచేసిన చిత్రాన్ని పూర్తిగా మళ్లీ అచ్చువేశారు.

కాని రెండు లోపాలున్నాయి.

మొదటిది గ్రెమ్లిన్లు. తప్పు ఎవరు చేశారో, ఏ దశలో చేశారో చెప్పాల్సిన చోట ఆ వాక్యం ఒక దయ్యాన్ని నిలబెట్టింది. మన భాషలోనూ ఈ అలవాటు ఉంది. పత్రికలు సవరణ వేసేటప్పుడు ‘పొరపాటు దొర్లింది, పాఠకులు సవరించి చదువుకోగలరు’ అని రాస్తాయి. ఆ వాక్యంలో పొరపాటు తనంత తానే కొండ మీది రాయిలా దొర్లివచ్చింది, దాన్ని చేసినవాళ్లు ఎవరూ లేరు. మర్యాద కోసం పుట్టిన వాక్యమే అది. రోజువారీ వార్తల్లో దానివల్ల పెద్ద నష్టమూ లేదు. శాస్త్ర పట్టిక విషయంలో మాత్రం పాఠకుడికి తప్పు పుట్టిన చోటు తెలియాలి, రచయితను నిందించడానికి కాదు. టైపు చేసేటప్పుడు ఒక గడిలో జరిగిన తప్పయితే అది అక్కడితో ఆగుతుంది. మూల పత్రాల్లోని ప్లస్ మైనస్‌ల పద్ధతిని గమనించకపోవడం వల్ల జరిగినదైతే, అలాంటి మూలాల నుంచి తెచ్చిన ప్రతి వరుసనూ మళ్లీ చూడాలి. కారణం తెలిస్తే ఇంకా ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. గ్రెమ్లిన్ అన్న మాట ఆ దారిని మూసేసింది.

రెండోది ఇంకా పెద్దది. ఆ ప్రకటన శీర్షికలోనే సవరణతో పాటు తాజా సమాచారం అన్న మాట కూడా ఉంది. పోయిన మైనస్‌లు పెట్టడంతో ఆగకుండా, 2009కి ముందే వచ్చినా తన కంటపడని రెండు అంచనాలను, ఆ తర్వాత వచ్చిన ఐదింటిని కూడా టోల్ చేర్చారు. 14 కాస్తా 21 అయ్యాయి. కొత్త సమాచారం చేర్చడం మంచిదే. కాని రెండూ ఒకే ప్రకటనలో కలిస్తే పాఠకుడి చూపు ఒక ప్రశ్న మీద నిలవదు. మైనస్‌లు మాత్రమే సరిచేస్తే పాత వాదన ఎంత మిగిలింది అన్నదే ఆ ప్రశ్న. దాని పక్కనే ఏడు కొత్త అంచనాలు కలిపిన కొత్త గీత కూడా వచ్చి కూర్చుంటే, మారినదాంట్లో తప్పు దిద్దడం వల్ల ఎంత, కొత్త సమాచారం వల్ల ఎంత అని విడదీసుకునే పని చదివేవాళ్ల మీద పడుతుంది.

కథ అక్కడితో ముగియలేదు. సవరించిన పట్టికలోనూ తప్పులున్నాయని తేలింది. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోని గ్రాంథమ్ పరిశోధన సంస్థకు చెందిన బాబ్ వార్డ్ ఈ అంకెలను మూల పత్రాలతో పోల్చి, తేడాలను పదే పదే ఎత్తి చూపినవారిలో ముఖ్యులు. చివరకు 2015 శీతాకాలపు సంచికలో పత్రిక సంపాదకులే తమ పేరున ఒక గమనిక వేసి, పట్టికను మరోసారి సరిచేసి ఇచ్చారు. వాతావరణ మార్పుపై ప్రభుత్వాల ఉమ్మడి సంఘం ఐపీసీసీ 2014 నివేదికలో ఈ అంచనాల పట్టికను వాడుకున్న అధ్యాయానికీ సవరణ వేయాల్సి వచ్చింది. ఆ అధ్యాయానికి సమన్వయ రచయితల్లో టోల్ ఒకరు.

మొదటి సవరణ సమయంలోనే 14 వరుసలనూ, కొత్తగా చేర్చిన ఏడింటినీ మూల పత్రాలు దగ్గర పెట్టుకుని మొదటి నుంచి సరిచూసి ఉంటే రెండో సవరణ అవసరం పడేది కాదు. పట్టికలో ఒక గడి తప్పని తెలిశాక ఆ పట్టిక మొత్తం అనుమానితమే. ఇతరులు చూపించిన గడిని మాత్రమే దిద్ది పంపడం, వాన కురిసినప్పుడు కారిన చోట గిన్నె పెట్టడం లాంటిది. కప్పు మీదకు ఎక్కి చూస్తేనే ఎన్ని పెంకులు పగిలాయో తెలుస్తుంది.

దీనికి భిన్నంగా, కొద్ది వాక్యాల్లో పని ముగించిన సవరణ ఒకటి 2024లో వచ్చింది. అది పట్టికలోని తప్పు కాదు, వ్యాసం నడుమ చేసిన ఒక గుణకారంలోది. కాని ప్రకటన రాసిన తీరు చూడదగ్గది. నల్ల ప్లాస్టిక్‌తో చేసిన వంటింటి గరిటెలు, పళ్లేలు, బొమ్మల్లో మంటలను ఆపే రసాయనాలు ఉన్నాయని చెప్పిన అధ్యయనం ‘కీమోస్ఫియర్’ పత్రికలో వచ్చింది. పాత టీవీల, ఎలక్ట్రానిక్ పరికరాల ప్లాస్టిక్‌ను కరిగించి మళ్లీ వాడటం వల్ల అవి వంటసామాన్లలోకి చేరుతున్నాయన్నది దాని సారం. వార్త ప్రపంచమంతా పాకింది. చాలామంది నల్ల గరిటెలను చెత్తబుట్టలో వేశారు.

ఆ వ్యాసంలో ఒక లెక్క ఉంది. బీడీఈ-209 అనే రసాయనం గరిటెల ద్వారా రోజుకు 34,700 నానోగ్రాములు ఒంట్లోకి చేరవచ్చని అంచనా వేశారు. అమెరికా ప్రమాణం ప్రకారం ఒక కిలో బరువుకు రోజుకు 7,000 నానోగ్రాముల దాకా చేరినా హాని ఉండదని లెక్క. 60 కిలోల మనిషికి ఎంత? 7,000ను 60తో గుణిస్తే 4,20,000. వ్యాసంలో 42,000 అని పడింది. ఒక సున్నా తగ్గింది. 34,700ను 42,000 పక్కన పెడితే హద్దులో 83 శాతానికి చేరినట్టు, దాదాపు ప్రమాదపు అంచున ఉన్నట్టు కనిపిస్తుంది. 4,20,000 పక్కన పెడితే అది 8 శాతం మాత్రమే. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రవేత్త జో ష్వార్ట్జ్ ఆ గుణకారం మళ్లీ చేసి చూసి తప్పు పట్టుకున్నారు. దానికి కాగితం, పెన్సిలు చాలు.

డిసెంబరులో వచ్చిన సవరణ ఇలా నడిచింది: 60 కిలోల పెద్దవారికి హద్దును తాము తప్పు లెక్క వేశామని రచయితలు రాశారు. 42,000 అని వేశామని, అది 4,20,000 కావాలని రెండు అంకెలూ ఇచ్చారు. ఒంట్లోకి చేరే మోతాదు హద్దుకు దగ్గరగా ఉందన్న పాత వాక్యాన్ని, హద్దు కంటే పదింతల మేర తక్కువగా ఉందన్న కొత్త వాక్యాన్ని కూడా పక్కపక్కన పెట్టారు. ‘దొర్లింది’ లేదు, గ్రెమ్లిన్ లేదు. మేమే తప్పు లెక్క వేశాం అన్న మాట ఉంది. తప్పు అంకె, ఒప్పు అంకె, మారిన వాక్యం మూడూ ఉన్నాయి. చదివినవారు అక్కడికక్కడే లెక్క చేసి చూసుకోవచ్చు.

ఒక వాక్యం దగ్గర మాత్రం వివాదం వచ్చింది. ఈ తప్పు వ్యాసం మొత్తం నిర్ణయాన్ని మార్చదని రచయితలు రాశారు. ఒక కోణంలో అది నిజం. ఆ వస్తువుల్లో రసాయనాలు ఉన్నాయని ప్రయోగశాలలో కొలిచిన ఫలితానికి ఈ గుణకారంతో సంబంధం లేదు. కాని సామాన్య పాఠకుడిని భయపెట్టింది ఆ కొలత ఒక్కటే కాదు, హద్దుకు దగ్గరగా ఉందన్న పోలిక కూడా. ఆ పోలిక కూలిపోయింది. ‘మొత్తం నిర్ణయం మారదు’ అని గంపగుత్తగా అనే బదులు, వస్తువుల్లో రసాయనాలు దొరికాయన్న ఫలితం అలాగే నిలుస్తుంది, ప్రమాదపు హద్దుకు దగ్గరన్న మాట నిలవదు అని విడదీసి చెప్పి ఉంటే ఆ ప్రకటనలో వేలు పెట్టే చోటు ఉండేది కాదు. పత్రికలకు వచ్చే సవరణల్లో ఈ వాక్యం పడికట్టు మాటలా కనిపిస్తుంటుంది. అది రాసే ముందు వ్యాసంలోని ఒక్కో నిర్ణయాన్నీ తీసుకుని, ఇది ఏ అంకె మీద నిలబడింది అని అడగాలి.

ఆ అడగడం ఎలాగో ఒక ఊహా ఉదాహరణతో చూడవచ్చు. పాఠశాల బాలికల్లో రక్తహీనత మీద ఒక వ్యాసం వచ్చిందనుకుందాం. 2వ పట్టికలో రెండు వయోవర్గాలున్నాయి. 10 నుంచి 12 ఏళ్ల బాలికలు 250 మంది, వారిలో రక్తహీనత ఉన్నవారు 120, అంటే 48.0 శాతం. 13 నుంచి 15 ఏళ్లవారు 240 మంది, వారిలో రక్తహీనత ఉన్నవారు 132, శాతం గడిలో 45.0. ఒక పాఠకురాలు 132ను 240తో భాగించి చూసింది. వచ్చింది 55.0. మరి 45.0 ఎక్కడిది? 240లో 132 పోతే మిగిలేది 108. అది 240లో సరిగ్గా 45.0 శాతం. రక్తహీనత లేనివారి శాతం ఉన్నవారి గడిలోకి వచ్చి కూర్చుంది. తప్పు అంకెకు జన్మస్థలం దొరికింది కాబట్టి, తప్పు ఉన్నది శాతంలోనే, మనుషుల లెక్కలో కాదు అని గట్టిగా చెప్పవచ్చు.

ఇప్పుడు రచయితలు ఆ గడి నుంచి బయటికి నడవాలి. మొత్తం వరుసలో 490 మందిలో 252 మంది, 51.4 శాతం అని ఉంది. దాన్ని మనుషుల లెక్క నుంచి నేరుగా కట్టారు కాబట్టి అది క్షేమం. రెండు వర్గాల మధ్య తేడా కేవలం యాదృచ్ఛికమా అని చేసిన పరీక్ష కూడా మనుషుల లెక్కతోనే చేశారు. దాని పి విలువ 0.12 మారదు, అంటే తేడా ఉందని గట్టిగా చెప్పలేమన్న మాట కూడా నిలుస్తుంది. కాని వ్యాసంలో ‘వయసు పెరిగినకొద్దీ రక్తహీనత కాస్త తగ్గినట్టు కనిపించింది’ అన్న వాక్యం ఉంది. అది 48 నుంచి 45 అన్న పోలిక మీద పుట్టినది. నిజానికి 48 నుంచి 55కు పెరిగింది. దిశ తిరగబడింది. సంగ్రహంలోనూ అదే వాక్యం ఉంటే అక్కడా దిద్దాలి. సంగ్రహాన్ని మాత్రమే చదివి వెళ్లేవాళ్లే ఎక్కువ మంది కాబట్టి ఆ చోటు మరచిపోతే సవరణ సగమే అవుతుంది.

ఇంత చూసుకున్నాక ప్రకటన రాయడానికి ఎక్కువ సేపు పట్టదు. ఆ ఊహా వ్యాసానికి అది ఇలా ఉండవచ్చు:

‘ఈ పత్రికలో మేము ప్రచురించిన పై వ్యాసంలోని 2వ పట్టికలో ఒక తప్పు ఉంది. 13–15 ఏళ్ల వరుసలో రక్తహీనత ఉన్నవారి శాతం 45.0 అని ఇచ్చాం. అది 55.0 (240 మందిలో 132) కావాలి. పట్టిక తయారు చేసేటప్పుడు మేము రక్తహీనత లేనివారి శాతాన్ని ఆ గడిలో ఎక్కించాం. మనుషుల సంఖ్యలు, మొత్తం శాతం (51.4), రెండు వర్గాల పోలిక పరీక్ష ఫలితం (పి విలువ 0.12) సరైనవే. ఫలితాల విభాగంలోనూ సంగ్రహంలోనూ వయసు పెరిగినకొద్దీ రక్తహీనత తగ్గినట్టు కనిపించిందని రాసిన వాక్యం తప్పు. పెద్ద వయోవర్గంలో శాతం ఎక్కువగా ఉంది, అయితే ఆ తేడా యాదృచ్ఛికం కూడా కావచ్చు. వ్యాసంలోని మిగతా పట్టికలన్నిటినీ మూల సమాచారంతో మళ్లీ సరిచూశాం, వేరే తప్పులు కనిపించలేదు. ఈ తప్పును మా దృష్టికి తెచ్చిన పాఠకురాలికి కృతజ్ఞతలు.’

ఇందులో ‘మేము ఎక్కించాం’ అన్న క్రియ ముఖ్యం. కర్త ఉన్న వాక్యం అది. ఏ రచయిత పేరునూ విడిగా బయట పెట్టనక్కర్లేదు. వ్యాసానికి అందరూ సంతకం చేశారు కాబట్టి తప్పు అందరిదీ. క్షమాపణ పేరాలు పేరాలుగా సాగాల్సిన పని కూడా లేదు. పాఠకుడికి కావలసింది ఒప్పు అంకె. దాన్ని పశ్చాత్తాపం మధ్య వెతుక్కునేలా చేయకూడదు. ‘మళ్లీ సరిచూశాం’ అన్న వాక్యం మాత్రం నిజంగా సరిచూశాకే రాయాలి. టోల్ సవరణకు మరో సవరణ పడింది ఆ ఒక్క పని సరిగ్గా జరగకనే.

ప్రకటన పంపే ముందు సహరచయితలందరూ దాన్ని చదివి ఒప్పుకోవాలి. సంపాదకుడికి రాసే ఉత్తరంతో పాటు మూల సమాచారం, పాత పట్టిక, దిద్దిన పట్టిక జత చేస్తే పని తొందరగా సాగుతుంది. కొన్ని పత్రికలు రచయితల తప్పుకు కొరిజెండమ్ అని, అచ్చులో తాము చేసిన తప్పుకు ఎర్రేటమ్ అని వేర్వేరు పేర్లు వాడతాయి. మరికొన్ని రెండింటినీ సవరణ అనే అంటాయి. తప్పు ఎంత లోతుకు పాకిందన్నదాన్ని బట్టి సంపాదకులు దాన్ని మళ్లీ సమీక్షకు పంపవచ్చు. దిద్దాక ముఖ్య నిర్ణయమే నిలబడకపోతే సవరణ చాలదు. అప్పుడు వ్యాసాన్ని వెనక్కి తీసుకోవాలి, లేదా తిరగరాసి మళ్లీ ప్రచురించాలి.

వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం ఈ విషయంలో పత్రికల బాధ్యతలు రాసిపెట్టింది. సవరణను వీలైనంత త్వరగా వేయాలి. దానికి సొంత పుట ఉండాలి, విషయసూచికలో కనిపించాలి. దిద్దిన వ్యాసం పెట్టినప్పుడు ఏమి మార్చారో, ఏ తేదీన మార్చారో చెప్పాలి. పాత రూపాన్ని చెరిపేయకుండా భద్రపరచాలి, దానిమీద కొత్త రూపం ఉందని కనబడేలా గుర్తు పెట్టాలి. వెబ్‌లో అంకెను చడీచప్పుడు లేకుండా మార్చేయడం ఎంతో సులువు. కాని అలా చేస్తే పాత 45.0ను తన వ్యాసంలో వాడుకున్న మరో పరిశోధకుడు, తన మూలం ఎప్పుడు ఎందుకు మారిందో తెలియక తనదే పొరపాటనుకుంటాడు.

ఎంత చేసినా పాత పట్టిక పూర్తిగా మాయం కాదు. దాన్ని అప్పటికే దించుకున్న పీడీఎఫ్‌లు విద్యార్థుల పెన్‌డ్రైవుల్లో, ఆచార్యుల ల్యాప్‌టాపుల్లో ఉంటాయి. వాటిలోని 45.0 అక్కడే ఉంటుంది. సవరణ ప్రకటనకు విడిగా ఒక డీఓఐ సంఖ్య ఇచ్చి, దాన్ని మూల వ్యాసంతో రెండు వైపులా ముడివేయడం అందుకే. చాలా పత్రికల పీడీఎఫ్‌లలో మొదటి పుటలోనే `Check for updates` అని రాసిన చిన్న బొత్తం ఉంటుంది. ఎన్నేళ్ల కిందట దించుకున్న ప్రతి అయినా, నెట్ ఉన్నప్పుడు దానిమీద నొక్కితే ఆ వ్యాసానికి తర్వాత సవరణ వచ్చిందో లేదో, వస్తే అది ఎక్కడ ఉందో తెరమీద చూపిస్తుంది.